పిల్లకి షుగర్ అన్నారు: టైప్ 1, టైప్ 2 గురించి ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలు

పదో తరగతి, ఇంటర్ వయసు పిల్లలకు కొత్తగా షుగర్ బయటపడిన కుటుంబాల కోసం రాసినది ఇది. ఇందులో ఎక్కువ భాగం టైప్ 1 గురించే ఉంటుంది. టైప్ 2 గురించి ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి ఎంతో కొంత తెలుసు. ఆ తెలిసిన సంగతులనే టైప్ 1 వచ్చిన పిల్లకు వర్తింపజేసినప్పుడు ప్రమాదం మొదలవుతుంది.

తాతయ్యకి ఇరవై ఏళ్ళుగా షుగర్ ఉంది. మనవరాలికి వచ్చింది కూడా అదేనా?

చాలావరకు కాదు. పేరు ఒకటే, రక్తంలో చక్కెర పెరగడమూ ఒకటే. పెరగడానికి కారణం మాత్రం వేరు.

మనం తిన్న అన్నం, ఇడ్లీ, పండు అన్నీ గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తాయి. ఆ గ్లూకోజును కండరాలు, ఇతర కణాలు వాడుకోవాలంటే ఇన్సులిన్ కావాలి. దాన్ని తయారుచేసేవి క్లోమంలోని బీటా కణాలు. తాతయ్యకు ఉన్న టైప్ 2లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది కానీ ఒంటికి సరిగ్గా పట్టదు. ఏళ్ళు గడిచేకొద్దీ తయారీ కూడా తగ్గుతుంది. అందుకే ఆయనకు చాలాకాలం మాత్రలతో గడిచింది. ఒకరోజు మాత్ర మర్చిపోయినా షుగర్ కొంచెం పెరుగుతుంది తప్ప ప్రాణం మీదకు రాదు.

టైప్ 1లో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పొరబడి బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి లోపల జరుగుతుంది. కణాలు చాలావరకు పోయాకే లక్షణాలు బయటపడతాయి. ఆపలేని దాహం, రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకు లేవడం, బాగా తింటున్నా వారాల్లోనే బట్టలు వదులైపోవడం, నీరసం. ఈ పిల్లకు ఇన్సులిన్ రెండు రోజులు ఆగినా ఆసుపత్రిపాలవుతుంది. ఇద్దరి మధ్య అసలు తేడా ఇదే.

ఏ రకమో డాక్టర్లు ఎలా తేలుస్తారు?

షుగర్ ఉందా లేదా అన్నది తేల్చడం తేలిక. పరగడుపున 126 లేదా ఆపైన ఉన్నా, రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5 శాతం లేదా ఆపైన ఉన్నా, లక్షణాలు ఉండి ఏ వేళ చూసినా 200 దాటినా షుగర్ ఉన్నట్టే. ఏ రకమన్నది ఈ అంకెలు చెప్పవు.

దానికి ముందు పిల్లను చూడాలి. సన్నగా ఉండి, కొద్ది వారాల్లో బరువు తగ్గి, ఇన్సులిన్ అందక ఒళ్ళు కొవ్వును కరిగించుకున్నప్పుడు వచ్చే కీటోన్లు మూత్రంలో కనిపిస్తే టైప్ 1 అనుమానం బలంగా ఉంటుంది. బరువు ఎక్కువగా ఉండి, మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మెత్తటి గుడ్డలా ఉంటే టైప్ 2 వైపు ఆలోచిస్తారు. ఆ నలుపును చాలామంది మురికి అనుకుని పిల్లల్ని తోమితోమి స్నానం చేయిస్తారు. అది రుద్దితే పోదు, ఒంటికి ఇన్సులిన్ పట్టడం లేదనడానికి గుర్తు అది.

అనుమానం ఉన్నచోట రెండు రక్తపరీక్షలు సాయపడతాయి. బీటా కణాల మీద రోగనిరోధక వ్యవస్థ దాడికి గుర్తయిన గాడ్ యాంటీబాడీ పాజిటివ్ వస్తే టైప్ 1 అని దాదాపు ఖాయం. సి-పెప్టైడ్ పరీక్ష ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెబుతుంది. కానీ షుగర్ బాగా పెరిగి ఉన్న మొదటి రోజుల్లో చేస్తే అది కొంత తప్పుదారి పట్టించవచ్చు. అందుకే కొందరికి కొన్ని వారాలో నెలలో ఆగి చేస్తారు. ఏ రకమో తేలకపోయినా కీటోన్లు ఉన్న పిల్లకు ముందు ఇన్సులిన్ మొదలుపెడతారు. రకం ఏదో తర్వాత నిదానంగా తేల్చుకోవచ్చు.

చిన్నప్పుడు చాక్లెట్లు, స్వీట్లు ఎక్కువ తినిపించాం. మా వల్లే వచ్చిందా?

టైప్ 1 విషయంలో కాదు. తీపి తింటే బీటా కణాలు చావవు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు తిన్నదీ, పరీక్షల టెన్షనూ కారణం కాదు. జన్యువులలో కొంత ధోరణి, దానికి తోడు బయటి నుంచి ఏదో ప్రేరణ కలిస్తే ఇది మొదలవుతుంది. ఇంట్లో చేసిన ఏ ఒక్క పనినో కారణమని చూపించలేం. ఈ మాట నానమ్మ, అమ్మమ్మల ముందు డాక్టరు చేతే ఒకసారి చెప్పించండి. లేకపోతే ఆ నింద ఏళ్ళ తరబడి తల్లి మీదే ఉండిపోతుంది.

ఇన్సులిన్ మొదలుపెడితే అలవాటైపోతుందంటున్నారు. మాత్రలతో నెట్టుకురాలేమా?

టైప్ 1లో మాత్రలు ఇన్సులిన్ స్థానంలో పనిచేయవు. లేనిదాన్ని బయటి నుంచి ఇస్తున్నాం తప్ప మత్తుమందులా అలవాటు చేయడం లేదు.

ఇన్సులిన్ లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది నెలల్లో, మహా అయితే ఒకటి రెండేళ్ళలో చనిపోయేవాళ్ళు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. జనవరి 11న ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ శుద్ధంగా లేక సరిగా పనిచేయలేదు. మందును మరింత శుద్ధి చేసి 23న మళ్ళీ మొదలుపెడితే షుగర్ దిగింది. చావుబతుకుల్లో ఉన్న ఆ అబ్బాయి తర్వాత మరో 13 ఏళ్ళు బతికాడు. ఈ వందేళ్ళలో ఇన్సులిన్‌లో రకాలు మారాయి, పెన్నులు, పంపులు వచ్చాయి. టైప్ 1కు ఇన్సులిన్ మాన్పించే మందు మాత్రం ఏ వైద్యవిధానంలోనూ రాలేదు.

రెండు నెలలకే డోసు బాగా తగ్గింది. జబ్బు తగ్గిపోతోందా?

లేదు. ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో అందరూ వినాలి.

ఇన్సులిన్ మొదలుపెట్టాక, మిగిలి ఉన్న కాసిని బీటా కణాలకు కాస్త విశ్రాంతి దొరికి అవి మళ్ళీ కొంత పనిచేస్తాయి. చాలామంది పిల్లల్లో కొన్ని వారాలకు ఇన్సులిన్ అవసరం సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు పడిపోతుంది. దీన్ని డాక్టర్లు హనీమూన్ దశ అంటారు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు, కొందరికి ఏడాది దాకా కూడా ఉండవచ్చు. ఆ తర్వాత ఆ కణాలు కూడా పోతాయి, డోసు మళ్ళీ పెరుగుతుంది.

సరిగ్గా ఈ దశలోనే చుట్టాలు ఒక అడ్రసు పట్టుకొస్తారు. ఫలానా ఊళ్ళో పొడి ఇస్తారట, మూడు నెలల్లో ఇంజెక్షన్ మాన్పిస్తారట అని. పొడి మొదలుపెట్టిన వారానికే షుగర్ తగ్గుతుంది. పొడి లేకపోయినా తగ్గేదే. నమ్మకం కుదిరి ఇన్సులిన్ ఆపేస్తారు. కొన్నాళ్ళు ఫర్వాలేదనిపిస్తుంది. ఒకరోజు పిల్ల వాంతులతో, ఆయాసంతో అత్యవసర విభాగానికి చేరుతుంది. కాకరకాయ, మెంతులు, పొడపత్రి కూరలోనో కషాయంలోనో పుచ్చుకుంటామంటే డాక్టరుకు చెప్పి పుచ్చుకోండి. ఇన్సులిన్‌ను మాత్రం దేనికోసమూ ఆపకండి. హనీమూన్‌లో డోసు ఒకటి రెండు యూనిట్లకు దిగినా డాక్టరు చెప్పకుండా సున్నా చేయకండి.

ఎన్ని యూనిట్లు వేయాలో ఎలా లెక్కేస్తారు?

పదిహేనేళ్ళ అమ్మాయిని ఊహించుకుందాం. రోజు మొత్తానికి 40 యూనిట్లు అవసరమనుకోండి. అందులో సుమారు సగం, 20 యూనిట్లు, ఇరవైనాలుగు గంటలూ నిదానంగా పనిచేసే ఇన్సులిన్. తిన్నా తినకపోయినా రోజూ ఒకే వేళకు వేయాలి. మిగతా 20 త్వరగా పనిచేసే ఇన్సులిన్, మూడు పూటల తిండికి పంచి వేస్తారు.

తిండి డోసుకు డాక్టరు రెండు అంకెలు ఇస్తారు. ఒకటి, ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ అన్నది. 500ను రోజు మొత్తం డోసుతో భాగిస్తే వచ్చేది, ఇక్కడ 500ను 40తో భాగిస్తే సుమారు 12. రెండోది, ఒక యూనిట్ షుగర్‌ను ఎంత దించుతుందన్నది. 1800ను 40తో భాగిస్తే 45. ఇవి మొదలుపెట్టడానికి వాడే అంచనాలు మాత్రమే. తర్వాత పిల్ల రికార్డు చూసి డాక్టరు మారుస్తారు.

ఇప్పుడు పొద్దున టిఫిన్. మీటరులో 210 చూపించింది, ఉండాల్సింది 120. తేడా 90. దాన్ని 45తో భాగిస్తే 2 యూనిట్లు. తినబోయేది నాలుగు ఇడ్లీలు. ఇంట్లో వేసే మామూలు ఇడ్లీలో సుమారు 12 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, నాలుగింటికి 48. దాన్ని 12తో భాగిస్తే 4 యూనిట్లు. మొత్తం 6 యూనిట్లు. పల్లీ చట్నీ కాస్త వేసుకుంటే పెద్దగా తేడా రాదు. బొంబాయి చట్నీ అయితే అందులో శనగపిండి ఉంది, అదీ లెక్కలోకి వస్తుంది.

మొదట్లో వంటింట్లో చిన్న తూకం పెట్టుకుంటే చాలా మేలు. వండిన అన్నం 150 గ్రాములుంటే పిండిపదార్థం సుమారు 40 గ్రాములు. ఒక గిన్నెను కొలతగా ఎంచుకుని అందులో ఎంత పడుతుందో ఒకసారి తూచి పెట్టుకుంటే రోజూ తూచే పని ఉండదు. హోటల్ ఇడ్లీ ఇంటి ఇడ్లీకి ఒకటిన్నర రెట్లు ఉండవచ్చు, దానికి అదే లెక్క కుదరదు.

తిండికి ముందు ఎప్పుడు వేయాలన్నది ఇన్సులిన్‌ను బట్టి ఉంటుంది. రెగ్యులర్ అనే పాత రకమైతే అరగంట ముందు. కొత్త త్వరిత రకమైతే పది, పదిహేను నిమిషాల ముందు. పొట్ట, తొడలు మార్చి మార్చి వేయాలి. ఒకేచోట వేస్తూ పోతే అక్కడ గడ్డలా కట్టి, మందు ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా ఒంటికి ఎక్కుతుంది. షుగర్ కారణం లేకుండా ఊగుతుంటే ముందు ఆ చోటును వేళ్ళతో తడిమి చూడండి.

మందుల షాపులో సిరంజి మార్చి ఇచ్చారు. ఏదైనా ఒకటే కదా?

ఒకటి కాదు. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ రెండు గాఢతల్లో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేవి, 100 యూనిట్లు ఉండేవి. 40 వయల్‌కు సాధారణంగా ఎర్రమూత సిరంజి, 100 వయల్‌కు నారింజరంగు మూత సిరంజి. 100 వయల్‌లోని మందును ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 25 యూనిట్లు. ఆ డోసుతో పిల్ల స్పృహ తప్పవచ్చు. అటుదిటైతే 10 యూనిట్లకు బదులు 4 మాత్రమే పడి షుగర్ దిగదు. రంగును ఒక్కదాన్నే నమ్మకుండా, కొన్న ప్రతిసారీ వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చూడండి. పెన్నులోని మందును సిరంజితో లాగకండి.

కరెంటు పోతుంది, ఎండాకాలం. ఇన్సులిన్ ఎలా దాచాలి?

తెరవనివి ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. తలుపు అర మేలు. డీప్ ఫ్రీజర్‌లో గానీ దాన్ని ఆనుకుని గానీ పెడితే గడ్డకడుతుంది, గడ్డకట్టింది కరిగినా పారేయాల్సిందే. వాడుతున్న వయల్ గానీ పెన్ను గానీ 30 డిగ్రీల లోపు చల్లని చోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది. తెరిచిన తేదీ దాని మీద రాసి పెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టికుండ చుట్టూ తడి ఇసుకో తడిగుడ్డో ఉంచి, లోపల పొడిగా ఉండే డబ్బాలో వయల్‌ను పెడితే మే నెలలోనూ కాపాడుకోవచ్చు. నిలిపిన కారులో, బండి డిక్కీలో వదిలేసిన ఇన్సులిన్ చూపుకు బాగానే కనిపించినా బలం పోయి ఉండవచ్చు. డోసు సరిగా వేస్తున్నా షుగర్ దిగకపోతే కొత్త వయల్ తెరిచి చూడండి.

షుగర్ పడిపోతే ఏం చేయాలి?

70 కన్నా తగ్గితే పడినట్టే. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి. ఒక్కోసారి ఇవేవీ లేకుండా చిరాకు, మాట తడబడటం, పిలిస్తే పలక్కపోవడం. టీనేజి పిల్లలు కసురుకుంటే పొగరనుకునే ముందు మీటరు తీయండి.

స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వండి. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ కొంచెం నీళ్ళలో కలిపి తాగించండి. చాక్లెట్, లడ్డూ వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి, 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వండి. దాటాక భోజనానికి ఇంకా వేళ ఉంటే రెండు బిస్కెట్లో ఒక అరటిపండో ఇవ్వండి. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నోట్లో నీళ్ళు గానీ పంచదార గానీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ డాక్టరు ఇచ్చి ఉంటే వెంటనే వేయండి.

సాయంత్రం బాగా ఆడిన రోజు రాత్రి తెల్లవారుజామున పడిపోయే అవకాశం ఎక్కువ. ఆ రోజు పడుకునే ముందు చూసి, తక్కువగా ఉంటే ఏదైనా తినిపించి పడుకోబెట్టండి. అలాంటి రోజులకు డోసు ఎంత తగ్గించాలో ముందే అడిగి పెట్టుకోండి.

జ్వరం, వాంతులు. ఏమీ తినడం లేదు. ఇన్సులిన్ ఆపేయాలా?

తాతయ్య మాత్రల అనుభవం పిల్లకు హాని చేసేది ఇక్కడే. ఆయన తినకపోతే డాక్టరు మాత్ర ఆపమని ఉంటారు. పిల్లకు నిదానంగా పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు. జ్వరంలో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ అడుగుతుంది. అది అందకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. తిండి డోసు మాత్రం తిన్నదాన్ని బట్టి డాక్టరును ఫోన్లో అడిగి మార్చుకోవాలి.

మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూడండి. 250 దాటినా, షుగర్ ఎంత ఉన్నా వాంతులవుతున్నా మూత్రాన్ని కీటోన్ స్ట్రిప్‌తో పరీక్షించండి. స్ట్రిప్ డబ్బా ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. కీటోన్లు మధ్యస్థంగా లేదా ఎక్కువగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, నోటి నుంచి పండిన పండు వాసన, మత్తు, వీటిలో ఏదున్నా ఇంట్లో ఉంచకండి.

ఆసుపత్రిలో అడుగుపెడుతూనే టైప్ 1 షుగర్ పేషెంట్ అని చెప్పి, షుగర్, కీటోన్లు చూడమని అడగండి. కడుపునొప్పి, వాంతులు చూసి గ్యాస్ట్రిక్ అనో, ఫుడ్ పాయిజన్ అనో, అపెండిసైటిస్ అనో పొరబడే అవకాశం ఉంది. ఇక్కడ పోయే ఒక్కో గంటా పిల్లకు నష్టమే.

మా అబ్బాయికి టైప్ 2 అన్నారు. అయితే ఇది తేలికైనదేనా?

టైప్ 1 కన్నా వెంటనే ముంచుకొచ్చే ప్రమాదం తక్కువ, అంతే. టీనేజిలో వచ్చిన టైప్ 2 పెద్దల్లో వచ్చినదానికన్నా వేగంగా ముదురుతుంది, కిడ్నీ, కంటి సమస్యలు ముందుగా వస్తాయి. అందుకే టైప్ 2 అని తేలిన రోజుల్లోనే కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్, బీపీ, కొలెస్ట్రాల్ చూడాలి. టైప్ 1లో కంటి, మూత్ర పరీక్షలు సాధారణంగా కొన్నేళ్ళ తర్వాత మొదలవుతాయి.

మందు సాధారణంగా మెట్‌ఫార్మిన్. భోజనంతో వేసుకోవాలి, మొదట్లో కడుపులో తిప్పినట్టుంటే డోసు నిదానంగా పెంచుతారు. షుగర్ బాగా ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు ఇన్సులిన్ కూడా ఇచ్చి, అదుపులోకి వచ్చాక తగ్గించవచ్చు. ఇన్సులిన్ ఆపడం అన్న మాట టైప్ 2లో చెల్లుతుంది, టైప్ 1లో చెల్లదు. బరువు తగ్గడం ఇక్కడ నిజంగా మందులా పనిచేస్తుంది. రోజుకో గంట ఆటో నడకో, కూల్‌డ్రింకులు పూర్తిగా మానడం, రాత్రి అన్నం తగ్గించి కూర, పప్పు పెంచడం. వాడొక్కడికే వేరే కంచం పెట్టి మిగతావాళ్ళు బిర్యానీ తింటుంటే మాత్రం సాగదు.

బడికి చెప్పాలా?

చెప్పాలి. క్లాస్ టీచరుకు, పీఈటీ సారుకు తప్పనిసరిగా. అడగ్గానే బాత్‌రూముకు పంపాలని, షుగర్ పడితే పిల్లను ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దని, ఏమివ్వాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. బ్యాగులో మీటరు, గ్లూకోజ్ పొడి ఉండాలి. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో ఈ పిల్లలు చక్కెర బిళ్ళలు, తినుబండారాలు, నీళ్ళు లోపలికి తీసుకెళ్ళడానికి అనుమతి ఉంది. ఏ బోర్డైనా డాక్టరు సర్టిఫికెట్‌తో ముందే ప్రధానోపాధ్యాయుల ద్వారా అడిగి పెట్టుకోండి.

ఆడపిల్ల. రేపు పెళ్ళి ఎలా? ఎవరికీ చెప్పకుండా ఉంటే మంచిది కదా?

దాస్తే పిల్ల ఇన్సులిన్ బాత్‌రూములో దాక్కుని వేసుకోవడం, పెళ్ళిళ్ళలో డోసు మానేయడం నేర్చుకుంటుంది. రోజూ అలా జరిగితే పాడయ్యేది ఆమె కళ్ళు, కిడ్నీలే. షుగర్ అదుపులో ఉంటే చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అన్నీ సాధ్యమే. గర్భం మాత్రం ముందుగా అనుకుని, హెచ్‌బిఎ1సిని 6.5 లోపుకు తెచ్చుకున్నాక రావాలి. ఇంకో సంగతి, నెలసరి ముందు రెండు మూడు రోజులు చాలామందికి షుగర్ పెరుగుతుంది. అది పిల్ల తిండి తప్పు కాదు. తేదీలు రాసి పెట్టుకుంటే డాక్టరు ఆ రోజులకు డోసు సర్దుతారు.

తమ్ముడికి కూడా వస్తుందా?

టైప్ 1 ఉన్నవాళ్ళ తోబుట్టువులకు వచ్చే అవకాశం మామూలువాళ్ళకన్నా ఎక్కువే కానీ, నూటికి అయిదారుగురికి మించదు. అంటే ఎక్కువమందికి రాదు. రోజూ వేలు గుచ్చి చూడక్కర్లేదు. వాడు రాత్రిపూట పదేపదే లేస్తున్నా, పక్క తడుపుతున్నా, కారణం లేకుండా చిక్కిపోతున్నా ఇంట్లో ఉన్న మీటరుతోనే చూడండి. 200 దాటితే మర్నాటి దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.